ఎనిమిది మంది అభ్యర్థులు, నలుగురు ప్యానెల్ సభ్యులు, ఒక రోజు: ఇంటర్వ్యూ టైమ్‌టేబుల్ వేసే పద్ధతి

ప్యానెల్ ఇంటర్వ్యూ రోజుకు టైమ్‌టేబుల్ వేయడమంటే ఉన్న గంటలను అభ్యర్థుల సంఖ్యతో భాగించడం కాదు. ఒక్కొక్కరికి గదిలో నిజంగా ఎంతసేపు పడుతుంది, వాళ్లు వెళ్లాక ప్యానెల్‌కు ఇంకెంతసేపు కావాలి, ఎక్కడైనా ఆలస్యమైతే అది ఎక్కడ ఆగుతుంది అనే మూడు ప్రశ్నలకు ముందే జవాబు చెప్పుకోవాలి. వీటిలో ఒక్కదాన్ని వదిలేసినా, దాని ఫలితం సాయంత్రం చివరి కుర్చీలో కూర్చున్న అభ్యర్థి మీద పడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుంటే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఒక విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు ఎనిమిది మందిని పిలవాలనుకుందని అనుకుందాం. ప్యానెల్‌లో ప్రిన్సిపాల్, హెచ్‌వోడీ, బయటి నుంచి వచ్చే సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్, యాజమాన్య ప్రతినిధి ఉంటారు. ప్రతి అభ్యర్థీ బోర్డు దగ్గర చిన్న డెమో క్లాస్ చెప్పి, ఆ తర్వాత ప్రశ్నలకు జవాబులివ్వాలి.

అరగంట లెక్క ఎందుకు తప్పుతుంది

ఇలాంటి చోట మామూలుగా వేసే పథకం ఇలా ఉంటుంది. ఒక్కొక్కరికి అరగంట. ఉదయం 10 గంటలకు మొదలుపెట్టి 1 గంటలోపు ఆరుగురు, ముప్పావు గంట భోజనం, 1.45 నుంచి మిగతా ఇద్దరు. 2.45కల్లా పని అయిపోతుంది. కాగితం మీద ఇది చక్కగానే ఉంటుంది.

గదిలో జరిగేది వేరు. అభ్యర్థి లోపలికి వచ్చి కూర్చుని పరిచయం అయ్యేసరికి 2 నిమిషాలు, డెమోకు 10, ముగ్గురు సభ్యుల ప్రశ్నలకు 18, జీతం, పని గంటలు, చేరే తేదీ లాంటి మాటలకు 5. ఇవే 35 నిమిషాలు. అభ్యర్థి బయటికి వెళ్లాక నలుగురూ మార్కులు వేయడానికి మరో 5. అంటే ఎవరూ ఒక్క ప్రశ్న అదనంగా అడగకపోయినా ఒక్కొక్కరికి 40 నిమిషాలు పడుతుంది.

అరగంట స్లాట్‌లో 40 నిమిషాల పని పెడితే ప్రతి అభ్యర్థి దగ్గరా 10 నిమిషాలు వెనకబడుతుంది, ఆ బాకీ తర్వాతివాళ్లకు చేరుతూ పోతుంది. రెండో అభ్యర్థి 10.30కు బదులు 10.40కి, మూడో అభ్యర్థి 11కు బదులు 11.20కి లోపలికి వెళతారు. 12.30కి పిలిచిన ఆరో అభ్యర్థి 1.20కి వెళతారు, అప్పటికి ప్యానెల్ భోజన వేళ దాటిపోయింది. ఆ ఇంటర్వ్యూ ముగిసేసరికి 2 గంటలు. ముప్పావు గంట భోజనాన్ని అరగంటకు కుదించి 2.30కి మొదలుపెట్టినా, ఏడో అభ్యర్థి 45 నిమిషాలు, ఎనిమిదో అభ్యర్థి 55 నిమిషాలు ఆలస్యంగా మొదలవుతారు. అంతా ముగిసేది 3.50కి. ఎక్స్‌పర్ట్ ఎక్కిన రైలు ఉదయం ఇరవై నిమిషాలు ఆలస్యమైతే, ఈ అంకెలన్నిటికీ మరో ఇరవై కలుపుకోవాలి.

ఈ రోజున ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ గీత దాటి మాట్లాడలేదు. తప్పు స్లాట్ పొడవులోనే ఉంది. కాబట్టి మొదట చేయాల్సిన పని ఇంటర్వ్యూ నిజంగా ఎంతసేపు నడుస్తుందో కొలవడం. కిందటిసారి ఇంటర్వ్యూల్లో ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లి ఎప్పుడు బయటికి వచ్చారో రాసి ఉంటే అది చాలు. లేకపోతే కాలేజీలోనే ఒక అధ్యాపకుణ్ని అభ్యర్థి స్థానంలో కూర్చోబెట్టి, డెమోతో సహా ఒకసారి నడిపి చూస్తే అసలు నిడివి తేలుతుంది.

ఆలస్యం మిగులుతుంది, ఆదా మిగలదు

సగటు సరిగ్గా లెక్కగట్టి 40 నిమిషాల స్లాట్ ఇస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. ఒకరి ఇంటర్వ్యూ 8 నిమిషాలు ఎక్కువ పడితే ఇంకొకరిది 8 నిమిషాలు తక్కువ పడుతుంది, చివరికి సమానమవుతుంది అని చాలామంది నమ్మకం. నిజానికి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఎక్కువ పడిన 8 నిమిషాలు తర్వాతి అభ్యర్థి మీదికి తప్పకుండా వెళతాయి. తక్కువ పడిన 8 నిమిషాలు మాత్రం, తర్వాతి అభ్యర్థి అప్పటికే వచ్చి సిద్ధంగా ఉంటేనే పనికొస్తాయి. అతను సరిగ్గా తన వేళకే గుమ్మంలోకి వస్తే, ప్యానెల్ ఆ 8 నిమిషాలూ ఖాళీగా కూర్చుంటుంది. అందుకే సగటు సరిపోయిన రోజున కూడా ఆలస్యం పెరుగుతూ పోతుంది.

ఈ చిక్కును ఆస్పత్రులు ముందుగా ఎదుర్కొన్నాయి. బ్రిటన్‌లో ఔట్‌పేషెంట్ విభాగాల అపాయింట్‌మెంట్లను పరిశీలించిన నార్మన్ బెయిలీ, వెల్చ్ 1952లో వైద్య పత్రిక లాన్సెట్‌లో ఒక పద్ధతి సూచించారు. ఆరంభంలో ఇద్దరు రోగులను ఒకేసారి పిలిచి, ఆ తర్వాత ఒక సంప్రదింపుకు పట్టే సగటు సమయం చొప్పున ఒక్కొక్కరినీ పిలవాలన్నది దాని సారాంశం. ఎప్పుడూ ఒకరు బయట సిద్ధంగా ఉంటారు కాబట్టి వైద్యుడి సమయం వృథా కాదు. రోగులు గంటల తరబడి ఎదురుచూడాల్సిన పనీ ఉండదు.

ఇంటర్వ్యూ రోజుకూ ఇదే వర్తిస్తుంది. తర్వాతి అభ్యర్థి సర్టిఫికెట్ల పరిశీలన ముగించుకుని వెయిటింగ్ హాల్‌లో ఉండాలి. అందుకోసం కాల్ లెటర్‌లో రెండు వేళలు విడివిడిగా ఇవ్వాలి: హాజరు కావాల్సిన వేళ, ఇంటర్వ్యూ వేళ. ఈ రెండింటి మధ్య 45 నిమిషాలు చాలు. పావు గంట సర్టిఫికెట్లకు, మిగతా అరగంట బస్సు ఆలస్యానికి, మంచినీళ్లు తాగి కుదుటపడడానికి. అందరినీ ఉదయం 9 గంటలకే రమ్మని రాస్తే ప్యానెల్‌కు ఏ చిక్కూ ఉండదు కానీ, చివరి అభ్యర్థి రోజంతా కుర్చీలో గడిపి, అలసిన గొంతుతో డెమో చెప్పాల్సి వస్తుంది. యూపీఎస్సీ కూడా సివిల్ సర్వీసెస్ మౌఖిక పరీక్షకు అభ్యర్థులను ఉదయం, మధ్యాహ్నం రెండు విడతలుగానే పిలుస్తుంది. చిన్న సంస్థలో ఎనిమిది మందే ఉన్నప్పుడు విడతలు కూడా అక్కర్లేదు, ఎవరి వేళ వారికి ఇవ్వవచ్చు.

స్లాట్‌లో ఉండాల్సిన మూడు భాగాలు

పై లెక్కల ప్రకారం ఒక స్లాట్‌కు 45 నిమిషాలు కావాలి. అందులో 35 అభ్యర్థివి, 5 మార్కులవి, 5 ఖాళీవి. ఈ మూడింటి మధ్య గీతను ప్యానెల్ మొత్తం గుర్తుంచుకోవాలి.

అభ్యర్థి 35 నిమిషాల్లో ప్రశ్నలకున్నవి 18. వీటిని ముందే పంచుకోవాలి: ఎక్స్‌పర్ట్‌కు 7, హెచ్‌వోడీకి 6, ప్రిన్సిపాల్‌కు 5. చివరి 5 నిమిషాలు యాజమాన్య ప్రతినిధివి, అభ్యర్థి తిరిగి అడగాలనుకున్నవీ వాటిలోనే. ఈ పంపకం లేకపోతే ముందు మొదలుపెట్టిన సభ్యుడే సమయమంతా తీసుకుంటాడు, చివరివారు తమ ప్రశ్నలు వదులుకోలేక గీత దాటిస్తారు. పంపకం అందరికీ ఒకేలా ఉంటే అభ్యర్థులను పోల్చడం కూడా న్యాయంగా ఉంటుంది.

మార్కుల 5 నిమిషాలను మాట్లాడుకోవడానికి వాడకూడదు. నలుగురూ ఎవరి షీట్‌లో వారు ముందు మార్కులు, రెండు మూడు కారణాలు రాసిన తర్వాతే నోరు విప్పాలి. లేకపోతే మొదట మాట్లాడినవారి అభిప్రాయమే మిగతావారిది అవుతుంది. తొందరలో ఈ 5 నిమిషాలను మింగేసి, అందరివీ కలిపి సాయంత్రం వేద్దామనుకుంటే మరో నష్టం ఉంది. బాగా చెప్పిన అభ్యర్థి వెంటనే వచ్చిన మామూలు అభ్యర్థి, ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాడు. బలహీనమైనవారి తర్వాత వచ్చినవారు ఎక్కువగా కనిపిస్తారు. అప్పటికప్పుడు, ముందే రాసుకున్న ప్రమాణాల ప్రకారం వేసిన మార్కు ఈ ప్రభావాన్ని పూర్తిగా తీసేయలేకపోయినా బాగా తగ్గిస్తుంది.

ఖాళీగా వదిలిన 5 నిమిషాలు బఫర్. దీనికి ముందే ఏ పనీ కేటాయించకూడదు. ఇంటర్వ్యూ కాస్త సాగితే ఇది దాన్ని మింగుతుంది. సాగకపోతే సభ్యులు లేచి నాలుగడుగులు వేస్తారు, ప్రొజెక్టర్ సరిచేస్తారు, బోర్డు తుడుస్తారు.

విరామం వేరు, బఫర్ వేరు

టైమ్‌టేబుళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు టీ విరామాన్నే ఆలస్యం సర్దుకునే చోటుగా లెక్కపెట్టడం. విరామం మనుషుల కోసం. బాత్రూమ్‌కు వెళ్లడం, ఫోన్ చూసుకోవడం, మందులు వేసుకోవడం ఆ పావు గంటలోనే జరగాలి. దాన్ని ఆలస్యం తినేస్తే ప్యానెల్ విరామం లేకుండానే తర్వాతి అభ్యర్థి ముందు కూర్చుంటుంది. ఆ అభ్యర్థికి దక్కే శ్రద్ధ ఉదయం మొదటి అభ్యర్థికి దక్కిన శ్రద్ధ కాదు. విరామం ఎప్పుడు మొదలైనా దాని నిడివి తగ్గకూడదన్నది నియమం. ఆలస్యాన్ని మింగే పని బఫర్‌దే.

అందుకే చిన్న బఫర్లతో పాటు ఒక పెద్ద బఫర్ కూడా కావాలి. దానికి సరైన చోటు భోజన విరామం పక్కన. ఉదయం పోగుపడిన ఆలస్యం అక్కడే తీరిపోయి, మధ్యాహ్నం వాళ్లు శుభ్రమైన గడియారంతో మొదలవుతారు. భోజనానికి 45 నిమిషాలు, దానికి తోడు సర్దుబాటుకు 15 నిమిషాలు కలిపి గంట కేటాయించాలి. ఇవన్నీ కలిపితే రోజు ఇలా వస్తుంది:

- 9.00–9.30: ప్యానెల్ సమావేశం. ప్రమాణాలు, ప్రశ్నల పంపకం, మార్కుల షీట్లు
- 9.30: మొదటి అభ్యర్థి
- 10.15: రెండో అభ్యర్థి
- 11.00–11.15: టీ
- 11.15: మూడో అభ్యర్థి
- 12.00: నాలుగో అభ్యర్థి
- 12.45–1.45: భోజనం 45 నిమిషాలు, సర్దుబాటు 15 నిమిషాలు
- 1.45: ఐదో అభ్యర్థి
- 2.30: ఆరో అభ్యర్థి
- 3.15–3.30: టీ
- 3.30: ఏడో అభ్యర్థి
- 4.15: ఎనిమిదో అభ్యర్థి
- 5.00–5.45: తుది చర్చ, సంతకాలు

ఉదయం 9 గంటల సమావేశానికి ఎక్స్‌పర్ట్ ఉండాలంటే ఆయన ముందు రాత్రే వచ్చి గెస్ట్‌హౌస్‌లో దిగాలి. తిరుగు రైలు టికెట్ సాయంత్రం 7 తర్వాతదే కొనాలి. మొదటి అభ్యర్థికి ముందు ఆలస్యమైతే దాన్ని మింగడానికి వెనక ఏ బఫరూ ఉండదు కాబట్టి, రోజు మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువగా కాపాడుకోవాల్సింది ఈ ఆరంభాన్నే.

గాడి తప్పినప్పుడు ఏమవుతుంది

ఈ పట్టిక ఎంత తట్టుకుంటుందో ఒక పరీక్ష పెట్టి చూడవచ్చు. మొదటి ఇంటర్వ్యూ 12 నిమిషాలు సాగిందనుకుందాం. అభ్యర్థి 10.05కు బదులు 10.17కి బయటికి వస్తారు, మార్కులు అయ్యేసరికి 10.22. రెండో అభ్యర్థి 7 నిమిషాలు ఆలస్యంగా మొదలై, మార్కులతో సహా 11.02కి ముగుస్తుంది. పావు గంట టీ పూర్తిగా తాగి 11.17కి మూడో అభ్యర్థిని పిలిస్తే ఆలస్యం 2 నిమిషాలే. అది 11.57కి ముగుస్తుంది, నాలుగో అభ్యర్థి సరిగ్గా 12 గంటలకు లోపలికి వెళతారు. ఒక్కరి విరామమూ తగ్గలేదు, ఎవరి మార్కుల సమయమూ పోలేదు.

అభ్యర్థి రాకపోవడం ఇంకాస్త చిక్కైన సందర్భం. 11.15కి రావాల్సిన మూడో అభ్యర్థి కనిపించలేదు. నాలుగో అభ్యర్థి హాజరు వేళ కూడా 11.15 కాబట్టి, వారి సర్టిఫికెట్లు చూడడం 11.30కి పూర్తవుతుంది. అప్పటిదాకా మూడోవారి కోసం ఎదురుచూసినందువల్ల ప్యానెల్ పోగొట్టుకునేది ఏమీ లేదు. 11.30కి కూడా రాకపోతే, నాలుగోవారు ఒప్పుకుంటేనే వారిని ముందుకు జరపాలి. ఆ ఇంటర్వ్యూ స్లాట్ 12.15కి ముగుస్తుంది. ఈలోపు మూడోవారు ఊపిరి ఎగబీలుస్తూ వచ్చి ఉంటే 12.15 నుంచి 1 గంట వరకు వారిది తీసుకోవచ్చు. భోజనం పావు గంట వెనక్కి జరుగుతుంది, కానీ ఆ 15 నిమిషాలను సర్దుబాటు సమయం భరిస్తుంది. 1.45కి ఐదో అభ్యర్థి తన వేళకే మొదలవుతారు. ఆ తర్వాత వచ్చినవారిని 5 గంటలకు, చివరి అభ్యర్థి తర్వాత తీసుకుంటారా లేదా అన్నది కాల్ లెటర్‌లోనే రాసి ఉండాలి. అప్పటికప్పుడు తేలిస్తే ఒకరికి దయ చూపారనీ ఇంకొకరికి చూపలేదనీ మాట వస్తుంది.

ఇద్దరికి మించి రాకపోయినా మధ్యాహ్నం వాళ్లను ఫోన్ చేసి ముందే రమ్మనడం మంచిది కాదు. వాళ్లు బయలుదేరే వేళ, భోజనం, సన్నద్ధత అన్నీ ఇచ్చిన వేళను బట్టే చూసుకుని ఉంటారు. మిగిలిన సమయంలో ప్యానెల్ అప్పటిదాకా చూసినవారి షీట్లు సరిచూసుకోవచ్చు.

అభ్యర్థి వైపు నుంచి చూస్తే

స్లాట్లు ఎవరికి ఏది ఇవ్వాలన్నది కూడా టైమ్‌టేబుల్‌లో భాగమే. అభ్యర్థులంతా ఒకే ఊరివాళ్లు కారు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రాత్రి బస్సులో వచ్చేవారికి 9.30 స్లాట్ ఇస్తే వారు నిద్రలేని కళ్లతో బోర్డు ముందు నిలబడతారు. పనిచేస్తున్న చోట ఒక పూట సెలవు పెట్టుకుని వచ్చేవారికి ఉదయమే నయం. కాబట్టి వారం ముందు రెండు మూడు వేళలు చూపి ఎంచుకోమని అడగడం, ఎంచుకోనివారికి దరఖాస్తు సంఖ్య వరుసలో ఇవ్వడం సరైన పద్ధతి. పాలు తాగే బిడ్డతో వచ్చే తల్లికి పక్కన ఒక గది, శుక్రవారం ఇంటర్వ్యూ పెడితే నమాజు వేళకు అడ్డం రాని స్లాట్ కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి.

వైకల్యం ఉన్న అభ్యర్థుల విషయంలో ఇది సౌజన్యంతో ఆగదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వారికి సహేతుకమైన సర్దుబాట్లను గుర్తించింది. మాట నెమ్మదిగా వచ్చేవారికి, సైగల భాష ద్వారా మాట్లాడేవారికి 35 నిమిషాల్లో మిగతావారితో సమానమైన అవకాశం దక్కదు. అలాంటివారికి భోజనానికి ముందో, రోజు చివరో స్లాట్ ఇచ్చి, పక్కన 15 నుంచి 20 నిమిషాలు అదనంగా ఉంచితే, ఆ సమయం ఇంకెవరి నుంచీ లాక్కోనక్కర్లేదు. ఇది తెలియాలంటే కాల్ లెటర్‌తో పాటే ఏవైనా ఏర్పాట్లు కావాలా అని అడగాలి.

రోజు నడుస్తున్నప్పుడు అభ్యర్థికి ముఖ్యమైంది సమాచారం. 10 నిమిషాల ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎంత ఆలస్యమో ఎవరూ చెప్పకపోవడమే కలవరపెడుతుంది. వెయిటింగ్ హాల్‌లోని సమన్వయకర్త ఆలస్యం 10 నిమిషాలు దాటగానే కొత్త వేళ చెప్పాలి. భోజన వేళకు ఇంకా 15 నిమిషాలకు మించి వెనకబడి ఉంటే, మధ్యాహ్నం అభ్యర్థులకు బయలుదేరకముందే మెసేజ్ పంపాలి.

గడియారం ఎవరి చేతిలో ఉండాలి

ప్రశ్నల్లో మునిగిన ప్యానెల్ గడియారం చూడలేదు. సమయం చూసే పని సమన్వయకర్తదే. 30 నిమిషాలు కాగానే తలుపు తెరిచి, 5 నిమిషాలు ఉన్నాయని రాసిన కాగితం అధ్యక్షుడి ముందు పెడితే చాలు. ఆ కాగితం చూశాక కొత్త ప్రశ్న మొదలుపెట్టకూడదని ఉదయం సమావేశంలోనే అనుకోవాలి.

సమన్వయకర్త దగ్గర ఇంకో కాగితం ఉండాలి. ప్రతి అభ్యర్థికీ అనుకున్న వేళ, నిజంగా లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ, ఆలస్యం అనే నాలుగు గళ్లు. సాయంత్రానికి ఆ చివరి గడిని చదివితే రోజు ఎలా నడిచిందో తెలిసిపోతుంది. ఆలస్యం ప్రతి అభ్యర్థి దగ్గరా కొంచెం కొంచెంగా పెరిగి విరామాల దగ్గర కూడా తగ్గకపోతే స్లాటే చిన్నది. ఒక అభ్యర్థి దగ్గర పెరిగి తర్వాతి విరామానికి దాదాపు సున్నాకు వస్తే బఫర్ సరిపోయింది. ప్యానెల్ పదే పదే ఖాళీగా కూర్చుని, అభ్యర్థి మాత్రం గుమ్మం దగ్గర లేకపోతే హాజరు వేళ దగ్గరగా ఇచ్చారని అర్థం. వచ్చే ఏడాది స్లాట్ పొడవు ఈ కాగితం నుంచే తేలాలి.

దీనికయ్యే ఖర్చు, దీని హద్దులు

ఈ పద్ధతిలో ఎనిమిది చిన్న బఫర్లకు 40, పెద్ద బఫర్‌కు 15, కలిపి రోజుకు 55 నిమిషాలు ఏ పనికీ కేటాయించకుండా ఉంటాయి. అందులో మరో అభ్యర్థిని చూడవచ్చు కదా అన్న ఒత్తిడి యాజమాన్యం నుంచి తప్పక వస్తుంది. తొమ్మిదో అభ్యర్థిని చేర్చవచ్చు. కానీ అప్పుడు మొదటి 12 నిమిషాల ఆలస్యం నేరుగా సాయంత్రం దాకా వెళుతుంది. పన్నెండు, పదిహేను మంది ఉంటే బఫర్లు తీసేయడం కన్నా రెండో రోజు పెట్టుకోవడం, లేదా రాతపరీక్షతో సంఖ్య తగ్గించడం మేలు. రెండు ప్యానెళ్లు నడపడం ఇంకో దారి, అయితే ఒక ప్యానెల్ ఉదారంగా, ఇంకొకటి కఠినంగా మార్కులు వేస్తే అభ్యర్థి అదృష్టం ఏ గదిలో పడ్డారన్న దానిమీద ఆధారపడుతుంది.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూల్లోనూ ఇదే లెక్క, ఒకటి రెండు మార్పులతో. హాజరు వేళకు బదులు 15 నిమిషాల ముందు లింక్‌లో చేరి మైక్, కెమెరా, తెర పంచుకోవడం సరిచూసే సమయం కావాలి, అది ప్యానెల్ ఉన్న గదిలో కాకుండా సమన్వయకర్తతో వేరే లింక్‌లో జరగాలి. కనెక్షన్ తెగితే పోయే నిమిషాల కోసం చిన్న బఫర్‌ను 5 నుంచి 10కి పెంచాలి. అప్పుడు స్లాట్ 50 నిమిషాలవుతుంది, రోజుకు ఎనిమిది మందికి బదులు ఏడుగురినే పిలవాలి.